షుగర్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ: తొలి గంటల్లో షుగర్ పడిపోతే

సమస్య: పుట్టి గంటన్నర అయిన, 4 కిలోల బొద్దుబిడ్డ చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాడు, కానీ పాలు తాగకుండా నిద్రపోతున్నాడు. మరో బిడ్డకు చేతులు, గడ్డం సన్నగా వణుకుతుండవచ్చు, ఏడుపు నీరసంగా ఉండవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. ఏ లక్షణమూ కనిపించకుండానే షుగర్ తగ్గే అవకాశం కూడా ఉంది కాబట్టి, ఇలాంటి బిడ్డకు లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయాలి.

కారణం: తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ మాత్రం చేరదు. అందువల్ల ఆ అదనపు గ్లూకోజ్‌ను తట్టుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. బొడ్డుతాడు కత్తిరించగానే గ్లూకోజ్ రాక ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. అందుకే మొదటి ఒకటి రెండు గంటల్లోనే షుగర్ బాగా పడిపోతుంది.

పరిష్కారం: బిడ్డను తుడిచి, తల్లి ఛాతీపై ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, మొదటి గంటలోపే పాలు పట్టాలి. చలికి బిడ్డ ఉన్న గ్లూకోజ్‌ను కూడా ఖర్చు చేసేస్తాడు కాబట్టి ఈ వెచ్చదనం కూడా చికిత్సలో భాగమే. పాలు పట్టిన అరగంటకు మడమ నుంచి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటర్‌తో చూడాలి. మడమ చల్లగా ఉన్నా, స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంకె తప్పుగా రావచ్చు. తక్కువ అంకె వస్తే ల్యాబ్‌కు నమూనా పంపాలి గానీ, ఆ ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపకూడదు.

మన బిడ్డకు షుగర్ డెసిలీటరుకు 34 మి.గ్రా. వచ్చిందనుకుందాం. వణుకు, మగత వంటివేమీ లేవు, లేపితే లేచి, చీకగలుగుతున్నాడు. అప్పుడు 40 శాతం డెక్స్ట్రోజ్ జెల్‌ను కిలోకు 0.5 మి.లీ. చొప్పున, అంటే 2 మి.లీ., తుడిచి పొడిగా చేసిన బుగ్గ లోపలి గోడకు రుద్ది, వెంటనే తల్లిపాలు పట్టాలి. రొమ్ము సరిగా పట్టకపోతే ముర్రుపాలను చేత్తో పిండి చెంచాతో ఇవ్వాలి, అవి కొద్ది చుక్కలే వచ్చినా ఇవ్వవలసిందే. తేనె, చక్కెర నీళ్లు పెట్టకూడదు. పెద్దవాళ్లు ఎంత నచ్చజెప్పినా ఈ విషయంలో మెత్తబడవద్దు. గంటలోపు మళ్లీ పరీక్షిస్తే 49 వచ్చింది. ఇక రెండు మూడు గంటలకోసారి పాలు పడుతూ, ప్రతిసారీ పాలకు ముందు షుగర్ చూస్తూ, కనీసం 12 గంటలు కొనసాగించాలి. పాలకు ముందు అంకె 45 లేదా అంతకంటే ఎక్కువ ఉండేలా చూడాలి.

పాలు పట్టాక కూడా 25 కంటే తక్కువే ఉన్నా, లేక 40 లోపు ఉండి వణుకు, మగత, ఊపిరి ఆగడం, ఫిట్స్ వంటివి కనిపించినా నోటి దారిని నమ్ముకోకూడదు. వెంటనే నవజాత శిశువుల విభాగంలో 10 శాతం డెక్స్ట్రోజ్ కిలోకు 2 మి.లీ., అంటే ఈ బిడ్డకు 8 మి.లీ., రక్తనాళంలోకి ఇచ్చి, ఆపై డ్రిప్ మొదలుపెడతారు. ఆ డ్రిప్‌ను ఒక్కసారిగా ఆపితే షుగర్ మళ్లీ పడుతుంది కాబట్టి పాలు పెంచుతూ మెల్లగా తగ్గిస్తారు. ఈ హద్దుల అంకెలు ఆసుపత్రిని బట్టి కొంచెం మారుతుంటాయి, అక్కడి వైద్యులు పాటించే పట్టికనే అనుసరించాలి.

వణుకుతున్న చేతిని మెల్లగా పట్టుకుంటే ఆగిపోతే అది ఫిట్స్ కాదు, వణుకే, పట్టుకున్నా అదురు ఆగకపోతే ఫిట్స్‌గా భావించి వెంటనే డాక్టరును పిలవాలి. షుగర్ సరిగా ఉన్నా వణుకు తగ్గకపోతే కాల్షియం చూడాలి, ఎందుకంటే ఈ పిల్లల్లో అది కూడా తొలి మూడు రోజుల్లో తగ్గే వీలుంది.