పంట రుణం గడువులోగా కట్టి వడ్డీ రాయితీ పొందడం, తిరగరాయించుకోవడం ఎలా?

కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల వరకు తీసుకున్న పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, అంటే రైతుకు పడేది 4 శాతమే. ఈ రాయితీ పోగొట్టుకునేవాళ్లలో చాలామంది డబ్బు లేక కాదు, తేదీ చూసుకోక పోగొట్టుకుంటారు.

ముందుగా లిమిట్ సంగతి. జిల్లా కమిటీ ఒక్కో పంటకు ఎకరానికి ఇంత అని రుణ పరిమితి ఖరారు చేస్తుంది. వరికి 40 వేలు అనుకుందాం. రెండెకరాలకు 80 వేలు. ఇంటి ఖర్చులకు 10 శాతం, పనిముట్లు, బోరు మరమ్మతులకు 20 శాతం కలిపితే 1,04,000. పంట బీమా ప్రీమియం ఉంటే అది అదనం. పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు అడిగే భూమి కాగితాలు తీసుకెళ్లండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు తనఖా అడగకూడదు.

డబ్బు చేతికొచ్చిన రోజే "గడువు తేదీ ఏది?" అని అడిగి పాస్‌బుక్కు అట్ట మీద రాసుకోండి. పంటను బట్టి అది ఏడాదికి ముందే రావచ్చు. రాయితీ మాత్రం ఏడాదికి మించి రాదు. విడతలుగా తీస్తే ప్రతి విడతకూ దాని తేదీ నుంచే లెక్క.

లెక్క చూడండి. 2024 జూలై 12న లక్ష తీశారు, గడువు ఏడాది. 2025 జూలై 11లోగా అసలుతో పాటు 7 వేల వడ్డీ కడితే, అందులో 3 వేలు తర్వాత ఖాతాలో జమ అవుతాయి. (కొన్ని శాఖల్లో ముందే తగ్గించి కట్టించుకుంటారు.) వారం ఆలస్యమైతే ఆ 3 వేలు పోయినట్టే. పైగా గడువు దాటిన రోజు నుంచి బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది.

చేబదులు తెచ్చి కట్టి, వెంటనే మళ్లీ తీసుకుందామనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చివరి రోజు ఆదివారమైనా, ఆఫీసరు సెలవులో ఉన్నా, లిమిట్ తెరవడానికి మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పది రోజుల ముందే వెళ్లి, రెన్యువల్‌కు ఏ కాగితాలు కావాలో, సంతకాలు ఎప్పుడవుతాయో అడిగి, ఆ తర్వాతే చేబదులు తేవడం మేలు.

కార్డు ఐదేళ్లు నడుస్తుంది, కానీ లిమిట్‌ను ఏటా సమీక్షిస్తారు. ఖాతా సరిగ్గా నడిస్తే ఏటా 10 శాతం చొప్పున పెంచే వీలుంది. తిరగరాసేటప్పుడు ఆ మాట మీరే అడగాలి, పాత అంకెనే మళ్లీ వేసేయడం మామూలే. కట్టిన రోజు రశీదు తీసుకుని పాస్‌బుక్కులో జమ తేదీ సరిచూడండి. నెలలు గడిచినా 3 శాతం జమ కాకపోతే, ఆధార్ ఖాతాకు లింక్ అయ్యిందో లేదో మొదట అడగండి.