దేనికది విడి కథ, అన్నీ కలిస్తే ఒకే కథ: ఎప్పుడూ కనిపించే పాత్రలు ఎక్కడ మొరాయిస్తాయి?

లోపాలు చూపించడానికి ఒక సిరీస్ కావాలి కాబట్టి ఇలా అనుకుందాం. రైల్వే స్టేషన్‌లో ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గది. మొత్తం 12 కథలు, ఒక్కోటి సుమారు 1500 మాటలు. ప్రతి కథలో ఒక వస్తువు వస్తుంది. సొంతదారు దొరుకుతాడు, లేదా దొరకడు. ఆ కథ అక్కడితో సరి.

గదిలో ఎప్పుడూ ఉండేవాళ్లు ముగ్గురు. గుమస్తా సుందరం రూలు దాటడు. కొత్తగా చేరిన వనజ వస్తువును చూసి మనిషిని ఊహించేస్తుంది. పోర్టర్ యాదగిరికి ప్లాట్‌ఫారం మీద తెలియని ముఖం లేదు. ఎవరూ అడగని వస్తువు 90 రోజులకు వేలానికి పోవాలన్నది ఆ గది నియమం. కానీ పై అరలో ఒక చిన్న ట్రంకుపెట్టె ఏళ్ల తరబడి అక్కడే ఉంది. గడువు దగ్గర పడినప్పుడల్లా సుందరం రిజిస్టర్‌లో దాని తేదీ దిద్దుతాడు. అది ఇల్లు విడిచి వెళ్లిపోయిన అతని తమ్ముడి పెట్టె. వస్తువులవి చిన్న కథలు, పెట్టెది పెద్ద కథ. ఈ రెండూ ఒకే మనుషుల మీద నడవాలి, చిక్కంతా అక్కడే.

సమస్య: 5వ కథ దగ్గర చేరిన పాఠకుడికి ఏమీ అంతుపట్టడం లేదు

ఈ మాట వినగానే చాలామంది కథ మొదట్లో "గత కథల్లో ఏం జరిగిందంటే" అన్న ధోరణిలో ఒక పేరా అతికిస్తారు. దానివల్ల కొత్తవాడికి బరువు, పాతవాడికి విసుగు. పాఠకుడికి సమాచారం తక్కువై కాదు, ఈ కథలోని ముఖ్యమైన నిర్ణయానికి కారణం వేరే కథలో ఉండిపోవడం వల్ల ఇబ్బంది వస్తుంది.

లోపం ఉందో లేదో తేల్చుకోవడానికి ఏ కథా చదవని ఒక మనిషికి 5వ కథ ఒక్కటే ఇవ్వండి. చదివాక రెండే ప్రశ్నలు అడగండి: ఎవరికి ఏం కావాలి? చివర అలా ఎందుకు జరిగింది? ఈ రెండూ చెప్పగలిగితే కథ నిలబడినట్టే. "ఇంతకీ పై అరలో పెట్టె ఎవరిది?" అని అతను ఎదురడిగితే సంతోషించండి, అది ఆసక్తి. "వనజ అంత కోపంగా ఎందుకు వెళ్లిపోయింది?" అని అడిగితే మాత్రం లోపమే. ఆ కోపానికి కారణం ఈ కథలోనే దొరకాలి.

పాత్ర పరిచయానికి పేరాలు అక్కర్లేదు, పాత్రకు అలవాటైన ఒక పని చాలు. వస్తువు నాదని ఎవరొచ్చినా సుందరం మూడు గుర్తులు చెప్పమంటాడు. మూడూ చెప్తే ఇస్తాడు, రెండు చెప్తే ఇవ్వడు. మొదటి 200 మాటల్లో ఇది జరిగితే అతనెవరో కొత్త పాఠకుడికి తెలిసిపోతుంది. పాత పాఠకుడికి విసుగు రాకపోవడానికి కారణం, గొడుక్కి మూడు గుర్తులు చెప్పడం వేరు, కట్టుడు పళ్లకు చెప్పడం వేరు. పని ఒకటే ఉండాలి, వాక్యం మాత్రం ప్రతిసారీ ఆ వస్తువులోంచి పుట్టాలి.

సమస్య: కథలన్నీ బాగున్నాయి, కానీ ఏదీ కదలడం లేదు

నేను చూసిన సిరీస్‌లలో ఎక్కువ ఆగిపోయేది ఇక్కడే. రాసేవాళ్లకు తొందరగా తెలియదు, ఎందుకంటే విడిగా చదివితే ఏ కథలోనూ తప్పు కనిపించదు. 3వ కథనీ 9వ కథనీ అటూ ఇటూ మార్చి చదవండి. ఏమీ తేడా రాకపోతే మీ పాత్రలు ప్రతి కథ చివరా మళ్లీ మొదటికొస్తున్నాయని అర్థం.

మనం పాత్రను గుణాలతో తయారుచేసుకుంటాం. సుందరం నిక్కచ్చి మనిషి, వనజ ఊహల పిల్ల, యాదగిరి కబుర్ల పోగు. గుణాలు 1వ కథలో ఎలా ఉంటాయో 12వ కథలోనూ అలాగే ఉంటాయి, పాత్రను గుర్తుపట్టడానికి అవి కావాలి కూడా. పెద్ద కథ నడిచేది మాత్రం గుణం మీద కాదు, స్థితి మీద. ఈ మనిషికి ఇప్పుడు ఏం తెలుసు, ఏం దాస్తున్నాడు, ఎవర్ని నమ్ముతున్నాడు? మారేవి ఈ మూడే.

దీనికి ఒక కాగితం చాలు. నిలువుగా 12 కథలు, అడ్డంగా ముగ్గురు మనుషులు, 36 గళ్లు. కథ ముగిసేసరికి ఎవరి స్థితి మారిందో వాళ్ల గడిలో ఒక్క ముక్క రాయండి. అన్ని గళ్లూ నింపాలని చూడకండి. 12 కథల్లో ఏడెనిమిది మార్పులు జరిగితే చాలు, మిగతావి ఖాళీగా ఉండొచ్చు. నిండా నింపితే చిన్న కథలు పెద్ద కథకు కూలీలైపోతాయి. గడిలో రాసే మార్పు మాత్రం వెనక్కి తిరగనిదై ఉండాలి. "వనజకు సుందరం మీద కోపం వచ్చింది" అని రాస్తే ఆ కోపం రేపటికి పోతుంది. "తేదీ దిద్దింది సుందరమేనని వనజకు తెలిసింది" అన్నది పోదు.

7వ కథ చూద్దాం. ఆ రోజు సుందరం సెలవు. వేలం జాబితా వనజ రాయాలి. గడువు తీరిన వస్తువుల్లో ఒక చిన్నపిల్ల ఊతకర్ర ఉంది, ఆ కథ వస్తువు అదే. ఆ పిల్ల వాళ్లు ఇక రారని యాదగిరి అంటాడు. రావొచ్చేమోనని వనజ వెతుకుతుంది. చివరికి తండ్రి వస్తాడు. పిల్ల ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోందట, వేలానికే పంపేయమంటాడు. చిన్న కథ ఇంతే. చివరి నాలుగు వాక్యాల్లో, గడువు తీరిన వాటిలో ట్రంకుపెట్టె కూడా ఉందని వనజ గమనిస్తుంది. దిద్దిన తేదీల వరస చూస్తుంది. ఎవర్నీ అడక్కుండా తనే ఇంకో తేదీ వేస్తుంది. కొత్త పాఠకుడికి ఇది ఊతకర్ర కథకు తగిన ముగింపు: కొన్ని వస్తువుల్ని మనుషులు వదిలేసుకోగలరు, కొన్నిటిని వదలలేరు. పాత పాఠకుడికి వనజ తప్పులో భాగం పంచుకున్న రోజు.

తప్పు సాధారణంగా ఆ తర్వాతి కథలో జరుగుతుంది. 8వ కథలో వనజ ఎప్పట్లాగే సుందరాన్ని ప్రశ్నలతో వేపుకు తింటుంటే 7వ కథ జరగనట్టే. అలాగని మళ్లీ పెట్టె గురించి మాట్లాడుకోనక్కర్లేదు. 1 నుంచి 7 దాకా ఆమె ప్రతి కథలోనూ "ఎందుకండీ?" అని అడిగేది. 8 నుంచి ఆ ప్రశ్న రాదు. రూలు చెప్తే తలూపుతుంది. కొత్తవాడికి ఆమె నెమ్మదస్తురాలిలా కనిపిస్తుంది. పాతవాడికి ఆ మౌనం గుచ్చుకుంటుంది. స్థితి మారిందని చెప్పడానికి సన్నివేశం రాయక్కర్లేదు, ఒక అలవాటు తీసేస్తే చాలు.

పాత్రలు కావాలనే మొదటికొచ్చే పద్ధతి ఒకటి మనకు బాగా తెలుసు, బేతాళ కథలు. రాజు నోరు విప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఆఖరి ప్రశ్నకు జవాబు తోచక రాజు మౌనంగా ఉన్నప్పుడే పెద్ద కథ కదులుతుంది. అక్కడ తిరిగి మొదలవడమే నియమం, ఆ నియమం తప్పడమే ముగింపు. మీరు ఆ దారి పడితే ఈ కాగితం అక్కర్లేదు. కానీ నియమాన్ని మొదటి కథలోనే చెప్పాలి, మధ్యలో ఒక్కసారి కూడా సడలించకూడదు. సగం అదీ సగం ఇదీ అంటే రెండూ చెడతాయి.

సమస్య: పాత్రలు ఎక్కువై ఎవరూ గుర్తుండడం లేదు

ఇద్దరు ఒకే పని చేస్తుంటే ఇలా అవుతుంది. ఈ గదికి మొదట ఒక స్టేషన్ మాస్టర్ కూడా ఉన్నాడనుకోండి. అతని పని రూలు గుర్తుచేయడం. అది సుందరం ఎలాగూ చేస్తున్నాడు, కాబట్టి అతన్ని తీసేయడమే మేలు. పేర్లు మూసేసి సంభాషణ చదివినప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ ఇద్దరినీ ఒకరిని చేయండి. 1500 మాటల్లో వస్తువు కోసం వచ్చిన మనిషికి చోటు కావాలి గనక, ముగ్గురిలో ఇద్దరికే నిండుగా పని దొరుకుతుంది. మూడోవాడికి ఒక మాట చాలు, లేదా ఆ కథలో అతను లేకపోయినా ఫర్వాలేదు.

సమస్య: ముగింపు ఆకాశంలోంచి ఊడిపడినట్టుంది

షెర్లాక్ హోమ్స్‌కు అసలైన ప్రత్యర్థిగా పేరుపడ్డ మొరియార్టీ 1893లో వచ్చిన ఒక కథలో పరిచయమై అందులోనే చనిపోతాడు. అంతకు ముందు కథల్లో అతని ఊసు లేదు. ఆ కథ తట్టుకుంది, కానీ ఆ ధైర్యం మనం చేయకపోవడమే మంచిది.

ముగింపుకు కావలసినదాన్ని ముందే మూడు చోట్ల నాటాలని అందరూ చెప్తారు. ఎలా నాటాలన్నదే అసలు విషయం. నాటినది ఆ కథలోనే ఏదో పని చేయాలి, లేకపోతే వేలు పెట్టి చూపించినట్టుంటుంది. 4వ కథలో ఒకతను దిద్దిన టికెట్ చూపించి కళ్లజోడు తనదంటాడు. వనజ దిద్దుడు పట్టేస్తుంది, అతన్ని పంపేయాలంటుంది. సుందరం ఒప్పుకోడు. "తేదీ దిద్దినవాడల్లా దొంగ కాదమ్మా" అంటాడు. మూడు గుర్తులు అడుగుతాడు, అతను మూడూ చెప్తాడు, కళ్లజోడు తీసుకుని వెళ్తాడు. ఆ మాట 4వ కథను ముగించింది. నిక్కచ్చి మనిషి ఒక్కసారి మెత్తబడ్డాడు, అంతవరకే కొత్తవాడికి చేరుతుంది. 7వ కథ చదివినవాడు ఆ మాట గుర్తొచ్చి వెనక్కి వెళ్తాడు.

చివరి కథకు కూడా సొంత వస్తువు ఉండాలి, మొదటి పరీక్ష దానికీ వర్తిస్తుంది. ఇక్కడ 12వ వస్తువు ట్రంకుపెట్టే. తమ్ముడు రాడు, అతని కూతురు వస్తుంది. అది తన తండ్రి పెట్టె అంటుంది. పెదనాన్న ఎదురుగా కూర్చున్నాడని ఆమెకు తెలియదు. సుందరం మూడు గుర్తులు అడుగుతాడు. ఆమెకు రెండే తెలుసు. మూడోది తెలిసినవాడు గదిలో అతనొక్కడే. అప్పుడు, 7వ కథ తర్వాత మొదటిసారి, వనజ "ఎందుకండీ?" అని అడుగుతుంది.