చిన్న పనివారి లెక్కలు – నాలుగో పాఠం: గిరాకి దీపంతలకు, రాబడి అటికలకు

ఈసారి ధర ఎలా పెట్టాలో చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి జరిపాను. మూడో పాఠం చివర ఇచ్చిన కుమ్మరి అక్క లెక్కలో చాలామంది ఒకే దగ్గర చిక్కుపడ్డారు. అది విప్పకుండా ధరల జోలికి పోతే పునాది లేకుండా గోడ కట్టినట్టే.

లెక్క మళ్లీ గుర్తు చేసుకుందాం. ఇది పాఠం కోసం కల్పించిన ఉదాహరణ, మీ దగ్గర అంకెలు వేరుగా ఉంటాయి. వరంగల్ దగ్గరి ఒక ఊళ్లో ఉండే అక్క దీపావళి ముందు ఒక ఆవం కాల్చింది. అందులో దీపంతలు, మూతతో కలిపి వంట అటికలు పెట్టింది. 6,000 దీపంతలు ఒక్కోటి 2 రూపాయలకు, పగిలినవి పోగా 100 అటికలు ఒక్కోటి 150 రూపాయలకు అమ్మింది. కట్టెలు, ఊక, గడ్డి కలిపి ఆవానికి 3,000 రూపాయలు అయ్యాయి. హన్మకొండలో కార్తీకం వస్తోందంటే దీపంతలను జనం ఎగబడి కొన్నారు, అటికలు మాత్రం నిదానంగా పోయాయి. ఆమె మాట ఇది: "దినమంత దీపంతలే అమ్ముతున్న. మాపటికి లెక్క జూస్తే చేతుల ఏం ఆగుతలేదు."

దీపంతకు ఎంత ఖర్చు పడిందో తేల్చమంటే ఎక్కువమంది చేసింది ఇది. 3,000 రూపాయలను మొత్తం 6,100 వస్తువులకు పంచారు. ఒక్కోదానికి 49 పైసలు వచ్చింది. రెండు రూపాయల దీపంతలో అర్ధరూపాయి మంటకే పోతోంది కాబట్టి వాటిని మానేయాలి అని తేల్చేశారు.

ఈ పంపకం ఏం చెబుతోందో ఒకసారి తిరగేసి చూడండి. 3,000లో దాదాపు 2,950 రూపాయలు దీపంతల మీద పడ్డాయి. వంద అటికల మీద కలిపి 50 రూపాయలు కూడా పడలేదు. కానీ ఆవంలో సగం జాగా అటికలదే! ట్రాలీ ఆటోలో ఒక బియ్యం బస్తా, ఒక అగ్గిపెట్టె వేసుకొస్తే కిరాయి చెరి సగం వేస్తారా? మంట వస్తువులను లెక్కపెట్టదు. ఆవం నిండా ఎంత జాగా ఉందో అంతటినీ వేడి చేస్తుంది. అందుకే కాల్చిన ఖర్చును జాగాను బట్టే పంచాలి.

జాగా కొలవడానికి టేపు అక్కర్లేదు. ఆవం పేర్చేటప్పుడు పచ్చి కుండలు మోసే గంపే కొలత. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే గంపలు ఎలాగూ మోస్తారు, మోసినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీస్తే చాలు. అక్క ఆవంలో 60 గంపలు పట్టాయి. ఒక గంపలో ఒకదానిలో ఒకటి ఒదిగించిన దీపంతలు 200 పడతాయి, అటికలైతే మూతలతో 4. దీపంతలు 30 గంపలు, అటికలు 30 గంపలు. అంటే మంట ఖర్చు చెరి 1,500. దీపంతకు పడేది 25 పైసలే, 49 కాదు. ఆవంలో పెట్టిన అటికలు 120, పనికొచ్చినవి 100. పగిలిన 20 అటికల మంట కూడా ఈ నూటి మీదే వేయాలి కాబట్టి అటికకు 15 రూపాయలు.

సరైన పంపకంతో దీపంత ఖర్చు తగ్గింది. అయినా అక్క చేతిలో డబ్బు ఆగడం లేదన్నది నిజమే. కారణం మంటలో లేదు.

మిగతా ఖర్చులు త్వరగా చూద్దాం. మట్టి రెండింటికీ చెరి 600 రూపాయలు. దీపంత చిన్నదే గాని ఆరు వేలయ్యేసరికి అంతే మట్టి తిన్నది. గోనెలు, గడ్డి, ఆటో కిరాయి దీపంతలకు 600, అటికలకు 900. దీపంతలు తెచ్చిన 12,000లో మంట, మట్టి, రవాణా పోగా 9,300 మిగిలాయి. అటికలు తెచ్చిన 15,000లో 12,000 మిగిలాయి.

రెండింటికీ పెద్ద తేడా లేదే అనిపిస్తుంది. రూపాయికి ఎంత మిగిలిందని చూస్తే దాదాపు సమానం కూడా. ఇక్కడే చాలామంది పెన్ను మూసేశారు. కూలి వరుసలో "సొంత చేతి పని, ఖర్చు లేదు" అని రాసి సున్నా పెట్టారు.

ఈ సున్నా దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే చిన్న పనివారి లెక్కలన్నీ ఇక్కడే చెడిపోతాయి. అక్కకు ఎవరూ కూలి ఇవ్వరు, నిజమే. కాబట్టి కూలిని ఖర్చుగా కలపమని నేను అనడం లేదు. రోజుకు 400 కూలి అని ఊహించి వేసుకుంటే ఆ ఊహ మీదే లెక్కంతా నిలబడుతుంది. చేయాల్సింది వేరే. మిగిలిన డబ్బును పట్టిన గంటలతో భాగించాలి. అప్పుడు ఏ వస్తువు ఆమె చేతికి గంటకు ఎంత ఇస్తోందో అదే తేలుతుంది, ఊహ అవసరం ఉండదు.

గంటలంటే సారె మీద కూర్చున్న గంటలు మాత్రమే కావు. దీపంతల్లో మోసమంతా ఇక్కడే ఉంది. సారె మీద పెద్ద ముద్ద పెట్టి, దాని కొస నుంచి ఒకటి తర్వాత ఒకటి తీసి దారంతో కోస్తుంటే గంటకు వంద తీయవచ్చు. చూసేవాళ్లకు అది క్షణాల పని. కానీ ఆ వందనూ పలక మీదకు ఎత్తాలి, నీడలో ఆరబెట్టాలి, సగం ఆరాక బోర్లించాలి, గంపలో ఒదిగించాలి, కాలాక దులపాలి, అంచు విరిగిందేమో చూడాలి, డజన్ల లెక్కన కట్టాలి. కొనేవాళ్లు "ఇంకో రెండు వెయ్యి" అంటారు, ఆ బేరం కూడా గంటల్లోదే. ఇదంతా వందకు ఇంకో అరగంట. వంద దీపంతలకు గంటన్నర చొప్పున 6,000కు 90 గంటలు పట్టాయి.

అటికకు సారె మీద తీయడం, మరునాడు చెక్కతో తట్టి అడుగు గుండ్రం చేయడం, మూత, నునుపు, అన్నీ కలిపి అరగంట. 120 అటికలకు 60 గంటలు. పగిలిన వాటి గంటలు వదిలేయకండి, చేతులు వాటికీ పనిచేశాయి.

ఇప్పుడు భాగించండి. దీపంతలు: 9,300ను 90తో భాగిస్తే గంటకు 103 రూపాయలు. అటికలు: 12,000ను 60తో భాగిస్తే గంటకు 200. ఎక్కువ అమ్ముడైన వస్తువు ఆమె గంటకు సగమే ఇచ్చింది. దినమంతా అమ్మినా చేతిలో ఆగకపోవడానికి కారణం ఇది.

అయితే దీపంతలు మానేయాలా? అటికల గంటలు రెట్టింపు ఇస్తాయి కదా అని 2,000 దీపంతలు తగ్గించామనుకుందాం. 30 గంటలు మిగులుతాయి, ఆ 30 గంటల్లో 60 అటికలు చేయవచ్చు. కానీ 2,000 దీపంతలు ఖాళీ చేసేది 10 గంపలే, అందులో పట్టేవి 40 అటికలే. గంటలకంటే ముందు ఆవం నిండిపోతుంది. ఇంధనం మొత్తం మారదు కాబట్టి ఇక్కడ మంట ఖర్చు పక్కన పెట్టి చూస్తే, గంపకు దీపంతలు 360, అటికలు 450 ఇస్తాయి. పది గంపల మార్పుతో పెరిగేది 900 రూపాయలు, పది గంటల విశ్రాంతి. మంచిదే, కానీ గంటకు రెట్టింపు అన్నంత గొప్ప లాభం కాదు. పైగా అదనపు అటికలకు గిరాకి ఉండాలి.

ఇంతకంటే మంచి దారి ఆవంలోనే ఉంది. అటిక కడుపు ఖాళీగా ఉంటుంది. మూత పక్కన పెట్టి ఒక్కో అటికలో పది దీపంతలు వదులుగా వేస్తే 120 అటికల్లో 1,200 ఒదుగుతాయి. అవి సొంతంగా తీసుకునే 6 గంపల జాగా మిగులుతుంది. అందులో ఇంకో 24 అటికలు పెడితే అదే పగులుడు లెక్కన 20 నికరంగా వస్తాయి. 3,000 రూపాయలకు అమ్మి, మట్టి 120, గడ్డి, ఆటో 180 తీసేస్తే 2,700 మిగులు. కట్టె పెద్దగా ఎక్కువ పట్టదు. పన్నెండు గంటల పని. దీపంత ఒక్కటీ తగ్గలేదు.

దీనికి ఒక హద్దు ఉంది. కడుపు నిండా కుక్కితే వేడి, గాలి లోపలికి పోవు. అలా కాలిన దీపంతను వేలితో కొడితే ఖంగుమనదు, మొద్దుగా మోగుతుంది. విరిచి చూస్తే నడిమ నల్లచార కనబడుతుంది. మరీ పచ్చిగా ఉంటే నీళ్లలో వేసినప్పుడు అంచు మెత్తబడుతుంది. మొదటిసారి ఐదేసి వేసి చూడండి, ఆవం అడుగున ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి విరిచి పరీక్షించి, తర్వాత పెంచండి.

ఇంకో మాట. దీపంతకు కార్తీకం దాటితే గిరాకి పడిపోతుంది, మిగిలింది వచ్చే ఏడుదాకా మూల పడి ఉంటుంది. అటిక ఈ నెల కాకపోతే వచ్చే నెల పోతుంది. ఒకే రాబడి కనబడినా నేను నిల్వ ఉంచగలిగిన దానివైపే మొగ్గుతాను. వెయ్యి దీపంతలు కావాలని ముందే బయానా ఇచ్చేవాళ్లుంటే మాత్రం ఆ వెయ్యికి ఈ భయం లేదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. మిగిలిన 6 గంపల్లో అటికలకు బదులు చిల్లర దాచుకునే గల్లగురుగులు పెట్టవచ్చు. గంపకు 20 పడతాయి, గంటకు 6 చేయగలదు, ధర 30. 120 పెడితే 110 నికరంగా వస్తాయి, మట్టి, రవాణా కలిపి పెట్టిన ఒక్కోదానికి 2 రూపాయలు. గంపకు ఎంత, గంటకు ఎంత అని రెండు రకాలుగానూ అటికలతో పోల్చండి. రెండు లెక్కలు ఒకే జవాబు చెప్పవు. ఆ తర్వాత, అక్కకు ఆ నెలలో ఇంకా 15 గంటలే మిగిలాయనుకుని, ఆరు గంపల్లో ఏవి ఎన్ని పెట్టాలో తేల్చండి. ఆరూ ఒకే వస్తువుకు ఇవ్వాలన్న నియమం లేదు, గంపను సగం చేయడం మాత్రం వద్దు.