ఏళ్ల తరబడి పీకిన కనుబొమలు మళ్లీ వస్తాయా? సమస్య - పరిష్కారం

సమస్య: ఐబ్రోస్ చేయించుకోవడం మానేసి నెల దాటింది, ఏమీ రావడం లేదు

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కనుబొమ వెంట్రుక కొన్ని వారాలే పెరిగి, ఆ తర్వాత నెలల తరబడి విశ్రాంతిలో ఉండి రాలిపోతుంది. మొత్తం చక్రానికి సుమారు నాలుగు నెలలు. ఏ రోజు చూసినా ఎక్కువ కుదుళ్లు విశ్రాంతిలోనే ఉంటాయి కాబట్టి, నెల రోజులకే ఫలితం తేల్చలేం.

పరిష్కారం: నాలుగు నుంచి ఆరు నెలలు ప్లక్కర్, దారం రెండూ పక్కన పెట్టాలి. త్రెడింగ్ కూడా వెంట్రుకను వేరుతో సహా లాగుతుంది, అది పీకడం కిందకే వస్తుంది. అసలు చిక్కు పార్లర్‌లో వస్తుంది. ఫేషియల్‌కి వెళ్లినప్పుడు "కింద కొంచెం క్లీన్ చేస్తానండీ" అంటారు, మనం సరే అంటాం. ఆ క్లీన్ చేసేది సరిగ్గా కొత్తవి మొలిచే వరుసనే. చూడ్డానికి మరీ ఇబ్బందిగా ఉంటే చిన్న కత్తెరతో పొడవు తగ్గించుకోండి, కుదురుకు ఏమీ కాదు. ఖాళీలు పెన్సిల్‌తో నింపుకోవచ్చు.

మా వదిన డిగ్రీ రోజుల నుంచి దారంలా సన్నటి కనుబొమలే ఉంచుకుంది. మానేశాక రెండు నెలలు చూసి, విసుగొచ్చి మూడో నెలలో రోజూ రాత్రి ఆముదం రాయడం మొదలుపెట్టింది. నాలుగో నెల చివర్లో ముక్కు వైపు, మధ్యలో వెంట్రుకలు కనిపించాయి. మార్కులన్నీ ఆముదానికే పడ్డాయి! ఆముదం రాయకపోయినా అవి వచ్చే సమయమే అది. తోక భాగంలో మాత్రం, అదే ఆముదం రాసినా, ఏమీ రాలేదు.

సమస్య: కొంత వచ్చింది, మిగతా చోట ఖాళీ

కిటికీ దగ్గర పగటి వెలుగులో, పెద్దగా చూపించే అద్దంలో ఆ ఖాళీని చూడండి. సన్నటి నూగు, చిన్న రంధ్రాలు కనిపిస్తే కుదురు బతికే ఉండొచ్చు. చర్మం నున్నగా, రంధ్రాలు లేకుండా మెరుస్తుంటే పదే పదే లాగడం వల్ల కుదురు మచ్చకట్టి ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ ఏ నూనె, ఏ సీరమ్ పనిచేయదు. మా వదిన తోక భాగం రెండో రకం.

నూగు ఉన్న చోట స్కిన్ డాక్టర్‌ని మినాక్సిడిల్ గురించి అడగొచ్చు. ఇది తల వెంట్రుకల మందు. కనుబొమలకు 2 శాతం ద్రావణంతో 16 వారాల పరీక్షలో ఉత్తుత్తి మందు కంటే మెరుగైన ఫలితం వచ్చింది. ఇయర్‌బడ్‌తో అతి పల్చగా రాయాలి. కారితే బుగ్గల మీద, నుదుటి మీద అక్కర్లేని నూగు వస్తుంది, కంట్లో పడితే మండుతుంది. మొదట్లో కొన్ని వెంట్రుకలు రాలడం మామూలే. మానేస్తే వచ్చింది నిలవకపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

సమస్య: పీకని చోట కూడా పలచబడుతోంది

దీన్ని పీకడం ఖాతాలో వేయకండి. బయటి మూడో వంతు పలచబడి, నీరసం, బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. గుండ్రటి ఖాళీ ఉన్నట్టుండి వస్తే పేనుకొరుకుడు కావచ్చు. కనుబొమలు రాలడంతో పాటు ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలుంటే కుష్ఠు పరీక్షకు వెంటనే వెళ్లాలి. మందులు ఉచితంగా ఇస్తారు, త్వరగా పట్టుకుంటే నయమవుతుంది.

అంగడి మాటలు

ఆముదం వెంట్రుకను నిగనిగలాడిస్తుంది, ఉన్నవే ఒత్తుగా కనిపిస్తాయి. కొత్తవి మొలిపిస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. ఉల్లిరసం కళ్ల పక్కన రాయడం మంట కొనితెచ్చుకోవడమే.

బయోటిన్ బిళ్లలు, గమ్మీలు శరీరంలో దాని లోపం ఉన్నవాళ్లకే పనికొస్తాయి, ఆ లోపం అరుదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ రక్తపరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు. వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు డాక్టర్‌కి చెప్పండి, ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లు చెబుతారు.

సీరమ్‌లలో కొన్ని నిజంగానే పనిచేస్తాయి, టెన్షన్ పెట్టేది కూడా అవే. వెనక ఉన్న చిన్న అక్షరాల్లో 'ప్రోస్ట్' అనే ముక్క ఉన్న పేరుందేమో వెతకండి. బైమాటోప్రోస్ట్ అలాంటిదే. అది గ్లాకోమా చుక్కల మందు, 2008లో అమెరికాలో కనురెప్పల వెంట్రుకలకు అనుమతి పొందింది. చర్మం నల్లబడటం, కన్ను ఎర్రబడటం దాని దుష్ప్రభావాలు. డాక్టర్ రాస్తేనే వాడాలి. అలాంటిదేమీ లేకుండా పెప్టైడ్లు, మొక్కల సారాలే ఉంటే, అంత ధర పెట్టి కొనేది ఎక్కువగా తేమే.

సమస్య: మచ్చకట్టిన చోట ఏం చేయాలి?

రోజూ పెన్సిల్, లేదా మైక్రోబ్లేడింగ్. రెండోది చర్మంలో వేసే రంగు, ఏడాది రెండేళ్లలో మసకబారుతుంది. అసలు వెంట్రుకే కావాలంటే మార్పిడి చేయించుకోవచ్చు. తల వెనక నుంచి తీసి నాటేది కాబట్టి కొత్త చోటికొచ్చినా తల వెంట్రుకలాగే పొడవు పెరుగుతూ పోతుంది. వారం రెండు వారాలకోసారి కత్తిరించుకునే ఓపిక ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి.