ఫ్రెషర్స్ ముందు మాట్లాడే సీనియర్లకు ఒక చిట్కా

"టెన్షన్ పడకండి" అంటే ఎవరి టెన్షనూ పోదు, లెక్క చెప్పండి. నెల్లూరులో మా ఇంజినీరింగ్ కాలేజీ ఓరియంటేషన్‌లో నేను హాజరు లెక్కే చెప్పాను. సెమిస్టర్‌కి 16 వారాలు, వారానికి 6 రోజులు, మొత్తం 96. 75 శాతం ఉండాలి కాబట్టి మానగలిగేది 24 రోజులే. ఫస్టియర్లో నేను ప్రతి శనివారం ఎగ్గొట్టి ఉదయగిరి బస్సెక్కేవాణ్ణి, దాంతోనే 16 పోయాయి, జ్వరానికి ఇంకో 6, పండక్కి ముందు 4, మొత్తం 26 అయ్యేసరికి 73 శాతం దగ్గర ఇరుక్కుని మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు కట్టాను (ఇంట్లో చెప్పలేదు లెండి). 65 కిందికి పోతే అదీ ఉండదు, పరీక్షకే రానివ్వరు.

అప్పుడు వెనక వరసలోంచి ఒకబ్బాయి, "అన్నా, మధ్యాహ్నం వెళ్లిపోతే?" అన్నాడు. పీరియడ్ల లెక్కన పోతుందన్నాను. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు.