రెండు పదాలిస్తే ఏ సంధో గుర్తించడం ఎలా?

విశాఖపట్నంలో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు తెలుగు చెబుతున్నప్పుడు తరచుగా కనబడే పొరపాటు ఒకటుంది. ‘కవి + ఇంద్రుడు’ ఇస్తే, దేవేంద్రుడిలో ఉన్న ఇంద్రుడే ఇక్కడా ఉన్నాడు కనుక గుణసంధి అని రాసేస్తారు. రెండో పదాన్ని చూసి సంధి పేరు చెప్పబోవడమే ఇక్కడి తప్పు.

మనం చూడబోయే సవర్ణదీర్ఘ, గుణ, వృద్ధి, యణాదేశ సంధులు నాలుగూ సంస్కృత సంధులు కనుక, ముందుగా రెండు పదాలూ సంస్కృత పదాలేనా అని చూడాలి. ‘రామ + అయ్య’ కలిస్తే ‘రామాయ్య’ కాదు, ‘రామయ్య’ అవుతుంది. అయ్య తెలుగు మాట కనుక అది అత్వసంధి, మన నాలుగింటిలోకి రాదు.

తరువాత మొదటి పదం చివర ఏ అచ్చు ఉందో పలికి చూడాలి. అక్కడ ఇ, ఉ, ఋ లలో ఒకటి ఉంటే, హ్రస్వమైనా దీర్ఘమైనా, గుణవృద్ధులను పక్కన పెట్టేయవచ్చు. ఎదుట అదే అచ్చు వస్తే సవర్ణదీర్ఘం, వేరే అచ్చు వస్తే యణాదేశం. కవిలో చివరిది ఇకారం, ఎదుటిదీ ఇకారమే కాబట్టి ‘కవీంద్రుడు’ సవర్ణదీర్ఘ సంధి. అదే ‘అతి + ఉత్సాహం’లో ఇకారానికి ఉకారం ఎదురైంది కనుక ఇకారం యకారంగా మారి ‘అత్యుత్సాహం’ అవుతుంది. ఇక్కడ ఉకారం చెక్కుచెదరకుండా నిలిచి ఉండటం గమనించాలి. మిగిలిన మూడు సంధులలో రెండచ్చులూ పోయి వాటి చోట ఒక్కటే వస్తుంది, యణాదేశంలో మాత్రం మొదటిదే మారుతుంది.

మొదటి పదం చివర అకారమో ఆకారమో ఉన్నప్పుడే రెండో పదంతో అసలు పని పడుతుంది. మన సింహాచలమే చూడండి: ‘సింహ + అచలం’లో అకారానికి అకారమే ఎదురై ఆకారం వచ్చింది, అది సవర్ణదీర్ఘం. అక్షయ తృతీయనాడు ఆ కొండమీద జరిగే చందనోత్సవంలో ‘చందన + ఉత్సవం’ ఉంది. అకారానికి ఉకారం పరమై ఓకారం వచ్చింది కనుక అది గుణం. ఇకారం పరమైతే ఏకారం, ఋకారం పరమైతే ‘మహర్షి’లో లాగా అర్ వస్తాయి. ఈ రేఫను చూసి యణాదేశమనుకునేవారూ ఉన్నారు. ‘పితృ + ఆర్జితం’ కలిసిన ‘పిత్రార్జితం’లో తకారం కింద చేరిన రకారమే యణాదేశం వల్ల వచ్చినది. మహర్షిలో అది షకారానికి ముందు పలుకుతుంది.

ఏ, ఐ, ఓ, ఔలు పరమైతే వృద్ధి: ‘ఏక + ఏక’ ఏకైక, ‘దివ్య + ఔషధం’ దివ్యౌషధం. గుణానికీ వృద్ధికీ తేడా ఒక్కోసారి ఒక్క గుణింతపు గుర్తులోనే ఉంటుంది. ‘మహా + ఉన్నతం’ మహోన్నతం, గుణసంధి. ‘మహా + ఔన్నత్యం’ మహౌన్నత్యం, వృద్ధిసంధి. కలిసిన పదాన్నే ఇచ్చి విడదీయమంటే మాత్రం ముందు ఆ గుర్తు ఓత్వమో ఔత్వమో కళ్లు పెట్టి చూడాలి.