పెద్దలకు జవాబు రాయడం – మూడో పాఠం: “రేపు రాను” అన్న మెసేజ్

కిందటి రెండు పాఠాల్లో తెలిసిన పెద్దవాళ్లకు ఎలా రాయాలో చూశాం. ఈసారి కాస్త కష్టమైన సందర్భం. రాసినవాళ్లు ఎవరో తెలియదు. వయసులో పెద్దవాళ్లని మాత్రం రాతను బట్టి తెలుస్తోంది. ఏం అడుగుతున్నారో సగమే అర్థమవుతోంది. అయినా జవాబు ఇవ్వాలి.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మా జిరాక్స్ షాపు. అర్జీలు టైపు చేయడం, ప్రింట్లు తీయడం మా పని. మా దగ్గర పనిచేసే కుర్రాడి ఫోనుకి ఒక మంగళవారం పొద్దున్న ఈ మెసేజ్ కనిపించింది. వచ్చిన టైము రాత్రి 12:10.

“బాబు నమస్తే మేస్టారు నెంబరు ఇచ్చారు ఆ కాయితాలు దొరికాయి రేపు రాను నువ్వు ఉంటావా గుంటడితో పంపమంటావా”

గుంటడు అంటే మా వైపు కుర్రాడు. చుక్క లేదు, కామా లేదు, పేరు లేదు. మా వాడు వెంటనే రాసిన జవాబు ఇది: “ఎవరు మీరు? అర్థం కాలేదు. క్లియర్‌గా పెట్టండి.” పంపే ముందు నాకు చూపించాడు కాబట్టి సరిపోయింది. తప్పుమాట ఒక్కటీ లేదు, పైగా “మీరు” అన్నాడు, “పెట్టండి” అన్నాడు. అయినా చదివిన పెద్దవాళ్లకు మొహం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. ఎందుకలా ఉంటుందో తెలియాలంటే ముందు మెసేజ్‌ని సరిగ్గా చదవాలి.

మొదటి చిక్కు “రాను” దగ్గర ఉంది. ఫోనులో దీర్ఘం పడాల్సిన చోట కొమ్ము పడితే “రానా” కాస్తా “రాను” అయిపోతుంది. “రేపు రానా, నువ్వు ఉంటావా, లేక గుంటడితో పంపమంటావా” అని చదివితే చక్కగా కుదురుతుంది. “రేపు నేను రాను, నువ్వు ఉంటే గుంటడితో పంపిస్తాను” అని చదివినా కుదురుతుంది. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు అర్థాలు. ఏది సరైందో మనం ఊహించి జవాబు రాస్తే సగం సార్లు పొరపాటే జరుగుతుంది.

రెండోది “రేపు”. మెసేజ్ అర్ధరాత్రి దాటాక 12:10కి వచ్చింది. నిద్రపట్టక కూర్చుని రాసినవాళ్లకు ఇంకా సోమవారం రాత్రే, కాబట్టి వాళ్ల “రేపు” మంగళవారం. క్యాలెండర్ చూసుకుని రాస్తే అది బుధవారం. అందుకే జవాబులో “రేపు”, “ఎల్లుండి” అని మాత్రమే రాసి వదిలేయకూడదు. పక్కన వారం పేరు ఉండాలి.

మూడోది, రాసింది మగవారా ఆడవారా అన్నది. “రాను”, “దొరికాయి”, “పంపమంటావా” ఏ మాటలోనూ అది తెలియదు. ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది. “మీరు” అన్నా, చివర “అండి” అన్నా ఇద్దరికీ సరిపోతుంది. తెలియనప్పుడు “సార్”, “అంకుల్” అని పందెం కాయక్కర్లేదు, “నమస్కారమండి” చాలు. “తాతగారూ” అని అసలే వద్దు. వాళ్ల వయసు వాళ్లు చెప్పలేదు, మనమే లెక్కగట్టి చెప్పినట్టు అవుతుంది.

ఇప్పుడు మర్యాద సంగతి. వాళ్లు మనల్ని “బాబు”, “నువ్వు” అన్నారు. మా వైపు పల్లెల్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లను అలాగే పిలుస్తారు, అందులో చులకన లేదు, దగ్గరితనం ఉంది. కానీ ఆ దగ్గరితనం ఒకవైపుదే. వాళ్లు “నువ్వు” అన్నారని మనమూ “నువ్వు” అనలేం. అలాగని వాళ్లు “మీరు” అనలేదని నొచ్చుకుని బిగుసుకుపోనూ కూడదు.

“మీరు” మొదలుపెట్టాక చివరిదాకా క్రియలన్నీ దానికి తగ్గట్టే ఉండాలి. “మీరు ఎప్పుడొస్తావు” అని ఎవరూ కావాలని రాయరు. కానీ వాక్యం మధ్యలో సరిచేసినప్పుడు సగం పాతది మిగిలిపోయి ఇలా తయారవుతుంది. ఇంకో చోట కూడా జారతాం. వాళ్లు చెప్పిన మూడో మనిషి, అంటే ఇక్కడ మేస్టారు. ఆయన ఎవరో మనకు తెలియకపోయినా “ఏ మేస్టారు ఇచ్చాడు” అనకూడదు. “ఇచ్చారు” అనాలి. పెద్దవాళ్లు తమకు జరిగిన మర్యాద కన్నా తాము గౌరవించే మనిషికి జరిగిన మర్యాదను ఇంకా జాగ్రత్తగా చూస్తారని నా అనుభవం.

మా వాడి జవాబులో అసలు లోపం “అర్థం కాలేదు. క్లియర్‌గా పెట్టండి” దగ్గరుంది. ఆ రెండూ పక్కపక్కనే వస్తే “నువ్వు సరిగ్గా రాయలేదు” అన్న మాట వాటి మధ్య నుంచి వినిపిస్తుంది. కళ్లు సరిగ్గా ఆనక, ఒక్కో అక్షరం వెతుక్కుని రాసిన మనిషికి అది తగిలే మాట. అర్థం కానితనాన్ని మన మీద వేసుకునే వాడుక మనకు ఉంది: “పోల్చుకోలేకపోయాను”. పెళ్లిలో ఎవరో పలకరిస్తే “పోల్చుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి” అంటాం. అదే ఇక్కడా రాయాలి. “ఎవరు మీరు” అన్న ప్రశ్న అడగకుండానే చాలాసార్లు వాళ్లు తమ పేరు చెబుతారు.

ఈ మాట విన్నాక మా వాడు రెండో జవాబు రాశాడు. ఈసారి అటు చివరికి వెళ్లిపోయాడు: “తమరికి నమస్కారములు. దయచేసి తమ సందేశమును వివరించగలరు.” ఇది ఆఫీసు నోటీసులా ఉంది. “వివరించగలరు” లాంటి మాట సర్క్యులర్లలో బాగానే ఉంటుంది. మనిషికి రాస్తే మాత్రం ఆజ్ఞలా వినిపిస్తుంది. “తమరు” అనే మాటను ఈ రోజుల్లో ఎగతాళికి కూడా వాడుతున్నారు, తెలియని మనిషి దగ్గర ఆ ప్రమాదం ఎందుకు? “దయచేసి” బదులు మనం నోటితో అనే “కాస్త”, “ఒక్కసారి”, “వీలైతే” సరిపోతాయి. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది ఈ జిల్లాలోనే, పర్వతాలపేటలో. మా ఊరివాళ్లకు రాసేటప్పుడు “సందేశమును” అని రాయాలంటే నాకు చెయ్యి ఆడదు.

ఇక అడగాల్సిన ప్రశ్న. మనకు తెలియనివి నాలుగున్నాయి: ఎవరు, ఏ మేస్టారు, ఏ రోజు, వస్తారా రారా. నాలుగూ అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. పైగా పెద్దవాళ్లు ఒకదానికే జవాబిచ్చి ఊరుకుంటారు. అందుకని మనం చెప్పగలిగినవి మనమే ముందు చెప్పేసి, ఒక్క ప్రశ్న మిగల్చాలి. రోజు సంగతి అడగక్కర్లేదు, మనం రెండు రోజులూ ఉంటామని చెబితే చాలు. ఏ మేస్టారో ఇప్పుడు తెలియకపోయినా పని ఆగదు. మిగిలింది “రానా, రాను” గొడవ ఒక్కటే.

దాన్ని అడిగే తీరులో ఒక మెలిక ఉంది. “మీరు రేపు రావడం లేదా?” అని అడిగామనుకోండి. జవాబుగా “అవును” వస్తే “అవును, రావడం లేదు” అనా, “అవును, వస్తున్నాను” అనా? మళ్లీ మొదటికొచ్చాం. లేదు, కాదు అన్న అర్థం ఉన్న ప్రశ్నను తెలియని పెద్దవాళ్లకు వేయకండి. రెండు దారులూ చూపించి అడగండి, వాళ్లు ఒకటి ఎంచుకుంటారు. “రాను అన్నారా, రానా అన్నారా” అని వాళ్ల అక్షరదోషాన్ని ఎత్తి చూపే అవసరమూ ఉండదు.

చివరికి మేం పంపినది ఇది:

“నమస్కారమండి. మీ మెసేజ్ ఇప్పుడే చూశాను. మిమ్మల్ని పోల్చుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి. కాయితాలు దొరికాయి అన్నారు, సంతోషం. ఈరోజు మంగళవారం, రేపు బుధవారం, రెండు రోజులూ సాయంత్రం ఆరు దాకా షాపులోనే ఉంటాను. కాయితాలు మీరే తెస్తారా, అబ్బాయితో పంపిస్తారా అండి?” కింద తన పేరు, షాపు ఎక్కడో రాశాడు.

ఇందులో రెండు మాటలు గమనించండి. వాళ్లు “కాయితాలు” అన్నారు, మేమూ “కాయితాలు” అనే అన్నాం. అవి పట్టాదారు పాసుపుస్తకమో, అడంగల్ నకలో మాకు తెలియదు. “డాక్యుమెంట్లు” అని మార్చితే వేరే దేని గురించో అడుగుతున్నామని కంగారు పడొచ్చు. వస్తువుకు వాళ్ల మాటే వాడాలి. కానీ “గుంటడు” అన్న మాటను మాత్రం తిరిగి వాడలేదు. తమ ఇంటి పిల్లాణ్ని వాళ్లు గుంటడు అనుకుంటారు, మనం “మీ గుంటడు” అంటే చనువు తీసుకున్నట్టు. అది మనవడో, పనికుర్రాడో కూడా తెలియదు కాబట్టి “అబ్బాయి” అన్నాం.

“అండి” ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. పలకరింపులో ఒకటి, ప్రశ్న చివర ఒకటి. “చూశానండి, ఉంటానండి, సంతోషమండి” అని ప్రతి వాక్యానికీ తగిలిస్తే భయపడుతున్నట్టు ఉంటుంది. తప్పనిసరిగా ఉండాల్సిన చోటు ఒకటుంది, కాదని చెప్పేటప్పుడు. “లేదు”, “కాదు” అని ఒంటిగా రాస్తే కసిరినట్టే. “లేదండి”, “కాదండి” అనాలి.

గంటకి జవాబు వచ్చింది: “నేనే వస్తాను బాబు నరసన్నపేట బస్సు కాంప్లెక్సులో దిగి ఫోను చేస్తా”. ఏ రోజో చెప్పలేదు, పేరూ చెప్పలేదు. మా వాడు మళ్లీ అడగబోయాడు, వద్దన్నాను. రెండు రోజులూ ఉంటామని చెప్పాం కదా. “అలాగేనండి, ఫోన్ చేయండి, నేను వచ్చి తీసుకెళ్తాను” అని రాయించాను. బొటనవేలి బొమ్మ పెట్టడం, “ఓకే” అనడం ఇక్కడ సరిపోవు. పెద్దవాళ్లు చెప్పింది మనం విన్నామన్నది మాటలో కనిపించాలి. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు. “సార్” అని రాయనందుకు మా వాడు నా వైపు చూసి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆవిడ వాడికి “అమ్మా” అయింది.

ఒక హద్దు చెప్పాలి. మెసేజ్‌లో డబ్బు పంపమనో, ఓటీపీ చెప్పమనో ఉంటే ఈ పాఠం వర్తించదు. అలాంటప్పుడు జవాబు రాయకుండా, వాళ్లెవరో తెలిసినవాళ్లను అడిగి తేల్చుకోవాలి.

వచ్చే పాఠంలో, జవాబు రాశాక కూడా విషయం తేలకపోతే ఫోన్ చేసి ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. ఈలోగా ఇది చేసి చూడండి. చీపురుపల్లి వైపు నుంచి మీకు ఇలా వచ్చిందనుకోండి:

“అమ్మా ఆ సంగతి ఏటైంది మంగళవారం కాదన్నారు మావోడు అడుగుతున్నాడు చెప్పగలవు”

ఇక్కడ “కాదన్నారు” అంటే మంగళవారం కుదరదన్నారా, పని కాదన్నారా? జవాబు ఐదు వాక్యాలు దాటకూడదు, ప్రశ్న ఒక్కటే ఉండాలి, అందులో లేదు, కాదు రాకూడదు. “మావోడు” అన్న మాటను మీరు ఏమని మారుస్తారో ముందు అది తేల్చుకుని రాయడం మొదలుపెట్టండి.